ఐదేళ్లు కిస్తీలు కట్టినా బాకీ ఎందుకు తరగదు?

ఇల్లు కొనడానికి 30 లక్షల రూపాయల అప్పు, 9 శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. నెలకు 26,992 రూపాయల కిస్తీ. ఒక్క నెల కూడా తప్పకుండా ఐదేళ్లు కట్టారనుకుందాం. అప్పటికి బ్యాంకుకు చేరిన సొమ్ము 16,19,520 రూపాయలు. ఇంకా ఎంత బాకీ ఉందని బ్యాంకును అడిగితే వచ్చే జవాబు: 26,61,195 రూపాయలు. అంటే కట్టిన పదహారు లక్షల్లో అసలు కింద పడింది 3,38,805 మాత్రమే. మిగిలిన పన్నెండు లక్షల ఎనభై వేల పైచిలుకు వడ్డీకే పోయింది.

ఈ అంకె చూసిన చాలామంది బ్యాంకు ఏదో మెలిక పెట్టిందనే అనుకుంటారు. “ముందు వాళ్ల వడ్డీ అంతా లాగేసుకుని, ఆ తరవాతే మన అసలు ముట్టుకుంటారు” అనే మాట ఇంటింటా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. తొలి ఏళ్లలో వడ్డీకే ఎక్కువ పోతుందన్నది నిజం. రాబోయే ఏళ్ల వడ్డీని ముందే వసూలు చేసుకుంటున్నారన్నది నిజం కాదు. ఈ తేడా తెలియాలంటే అప్పు ఇచ్చేటప్పుడు బ్యాంకు చేతిలో పెట్టే రీపేమెంట్ షెడ్యూలును వరుస వరుసా చదవాలి. చాలా ఇళ్లలో అది రిజిస్ట్రేషను కాగితాల మధ్య మడత విప్పకుండానే ఉండిపోతుంది.

నూటికి ముప్పావలా

ఏడాదికి 9 శాతం అంటే మన ఊళ్ల లెక్కలో నూటికి ముప్పావలా వడ్డీ. వంద రూపాయలు ఒక నెల వాడుకుంటే డెబ్భై ఐదు పైసలు. షెడ్యూలు మొత్తం ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

మొదటి నెలంతా మన దగ్గర ఉన్న బాకీ 30 లక్షలు. ముప్పావలా చొప్పున ఆ నెల వడ్డీ 22,500. మనం కట్టింది 26,992. అందులోంచి ఆ నెల వడ్డీ తీసేస్తే మిగిలింది 4,492. అది అసలుకు జమ. బాకీ 29,95,508కి దిగింది.

రెండో నెల వడ్డీ ఈ కొత్త బాకీ మీద: 22,466. కిందటి నెలకంటే 34 రూపాయలు తక్కువ. కిస్తీ మాత్రం అంతే కాబట్టి ఆ 34 రూపాయలు ఇటు మళ్లి అసలుకు చేరతాయి. ఈసారి జమ 4,526. మూడో నెల, నాలుగో నెల, 240వ నెల దాకా ఇదే పని. ప్రాంసరీ నోటు వెనక జమ రాసేటప్పుడు ఆనాటి దాకా అయిన వడ్డీ మినహాయించి మిగిలింది అసలులో తగ్గించే పద్ధతి మన పెద్దవాళ్లకు తెలిసిందే. బ్యాంకు షెడ్యూలు అదే పనిని నెలనెలా చేస్తుంది, ఇరవై ఏళ్ల జమలను ముందే రాసి చూపిస్తుంది.

| కిస్తీ | వడ్డీకి (రూ.) | అసలుకు (రూ.) | మిగిలిన బాకీ (రూ.) |
|---|---|---|---|
| 1 | 22,500 | 4,492 | 29,95,508 |
| 2 | 22,466 | 4,526 | 29,90,982 |
| 60 | 20,011 | 6,981 | 26,61,195 |
| 120 | 16,062 | 10,930 | 21,30,734 |
| 149 | 13,418 | 13,574 | 17,75,493 |
| 180 | 9,880 | 17,112 | 13,00,201 |
| 240 | 200 | 26,644 | 0 |

ఏ వరుసలోనైనా వడ్డీ గడిలో ఉన్నది ఆ ఒక్క నెల వడ్డీయే. రేపటి వడ్డీ ఒక్క పైసా కూడా అందులో లేదు. తొలి నెల వడ్డీ ఎక్కువగా ఉండడానికి కారణం ఆ నెల మన దగ్గర ముప్పై లక్షలు ఉండడం. చివరి నెల వడ్డీ 200 కావడానికి కారణం అప్పటికి మన దగ్గర మిగిలింది 26,644 మాత్రమే కావడం. రెండు చోట్లా ధర ఒకటే, నూటికి ముప్పావలా.

పట్టికలో మూడు చోట్ల ఆగి చూడాలి. వడ్డీ కంటే అసలు వాటా మొదటిసారి ఎక్కువయ్యేది 149వ కిస్తీలో, అంటే పన్నెండేళ్లు నిండి ఐదో నెలలో. సగం గడువు, అంటే పదేళ్లు అయ్యేసరికి బాకీ ఇంకా 21 లక్షల పైనే. అసలులో సగం, అంటే పదిహేను లక్షలు తీరేది పద్నాలుగేళ్లకు. మిగిలిన సగం తీరడానికి ఆరేళ్లే చాలు.

చివరి కిస్తీ 26,844 మాత్రమే, మిగతా వాటికంటే కాస్త తక్కువ. కచ్చితమైన కిస్తీ 26,991 రూపాయల 78 పైసలు. దాన్ని నిండు రూపాయికి సర్దినందుకు నెలనెలా అదనంగా చేరిన పైసలు, వాటి వల్ల తగ్గిన వడ్డీతో కలిసి ఇరవై ఏళ్లకు 148 రూపాయలయ్యాయి. నిజమైన షెడ్యూళ్లలో కూడా ఆఖరి వరుస ఇలాగే కాస్త తేడాగా ఉంటుంది. అది తప్పు కాదు.

చక్రవడ్డీ మనవైపు తిరిగితే

రెండో నెలలో అసలుకు పడిన 34 రూపాయల అదనాన్ని వదలకుండా వెంబడిస్తే ఈ పట్టిక గుట్టు తెలుస్తుంది. ఒక రూపాయి అసలు తీరితే వచ్చే నెల వడ్డీలో ముప్పావు పైసా తగ్గుతుంది. ఆ ముప్పావు పైసా అసలుకు పోతుంది. దాని వల్ల ఆపై నెల వడ్డీ ఇంకొంచెం తగ్గుతుంది. అంటే అసలు వాటా నెలనెలా ముప్పావు శాతం చొప్పున, దాని మీద అది పెరుగుతూ పోతుంది. ఇది చక్రవడ్డీ నడకే. మొదటి నెల 4,492గా ఉన్న వాటా 94వ నెలకు 9,000 అవుతుంది, 187వ నెలకు 18,000 దాటుతుంది. ఏడు ఏళ్ల తొమ్మిది నెలలకోసారి రెట్టింపు. చక్రవడ్డీ తొలిరోజుల్లో కదిలినట్టే కనిపించదు, చివర్లో పరుగు తీస్తుంది. బాకీ మొదట మొండికేసి, చివర్లో గబగబా కరిగిపోయేది అందుకే.

బ్యాంకు కిస్తీని తేల్చేదీ ఈ నడక నుంచే. కిస్తీ సరిగ్గా 22,500 అయితే వడ్డీకి వడ్డీ సరిపోతుంది, అసలు ఎన్నేళ్లయినా కదలదు. అంతకు పైన ఎంత చేరిస్తే, అది నెలనెలా ముప్పావు శాతం పెరుగుతూ 240 నెలల్లో మొత్తం ముప్పై లక్షలు అవుతుంది? ఆ జవాబే 4,492. కంప్యూటరు షీటులో అయితే ఈ ఒక్క వరుస చాలు:

```
=PMT(0.09/12, 240, -3000000)
```

మరి అసలును ఇరవై ఏళ్లకు సమానంగా పంచవచ్చు కదా? పంచవచ్చు. నెలకు 12,500 అసలు, దానికి ఆ నెల వడ్డీ కలపాలి. మొదటి కిస్తీ 35,000 అవుతుంది, చివరిది 12,594కు దిగుతుంది. మొత్తం వడ్డీ 27,11,250. మన పట్టికలో మొత్తం వడ్డీ 34,77,932. తేడా ఏడు లక్షల అరవై ఆరు వేలు. కానీ ఈ తేడా వచ్చింది బ్యాంకు దయ చూపినందువల్ల కాదు. తొలి నెలల్లో మనమే ఎనిమిది వేలు ఎక్కువ కట్టి బాకీని త్వరగా దించుకున్నందువల్ల. ఉద్యోగంలో చేరిన కొత్తలో, జీతం తక్కువగా ఉన్నప్పుడు 35,000 కట్టగలిగేవాళ్లు తక్కువ. సమాన కిస్తీ ఆ బరువును ఇరవై ఏళ్లకూ సర్దుతుంది. సర్దినందుకు అయ్యే ఖర్చే ఆ ఏడున్నర లక్షలు.

> మీ వరుసను మీరే సరిచూసుకోండి
>
> బ్యాంకు స్టేట్‌మెంటులో కిందటి నెల చివరి బాకీని వడ్డీ రేటుతో గుణించి 1,200తో భాగించండి. వచ్చేది ఈ నెల వడ్డీ. 29,95,508ని 9తో గుణించి 1,200తో భాగిస్తే 22,466.
>
> కొంత తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు. చాలా బ్యాంకులు రోజువారీ బాకీ మీద లెక్క కడతాయి. 30 లక్షలకు 9 శాతం చొప్పున 31 రోజుల నెలకు 22,932, 28 రోజుల ఫిబ్రవరికి 20,712 వడ్డీ అవుతుంది. ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువగా ఉంటే కారణం ఇదే.
>
> తేడా ప్రతి నెలా ఒకే దిక్కుగా, పెద్దగా వస్తుంటే మాత్రం అడగాలి. బీమా ప్రీమియంను అసలులో కలిపి ఉండవచ్చు, మీకు తెలియకుండా రేటు మారి ఉండవచ్చు. కట్టిన సొమ్మును ఏడాది చివర్లోనే అసలులో తగ్గించే పాత ఒప్పందం అయినా కావచ్చు. ఆ పద్ధతిలో నడి ఏడాదిలో తీరిన అసలుకు కూడా ఏడాది ముగిసేదాకా వడ్డీ పడుతూనే ఉంటుంది.

లక్ష రూపాయలు ముందుగా కడితే

ఏడాది గడిచింది. బోనస్‌గా లక్ష రూపాయలు చేతికొచ్చాయి. పన్నెండో కిస్తీతో పాటు ఆ లక్షనూ అప్పుకు కట్టి, నెల కిస్తీని మాత్రం మార్చకుండా ఉంచారనుకుందాం. ఆ లక్ష పట్టికలో ఏం చేస్తుంది?

పదమూడో వరుసలో అసలు వాటా 4,913. అక్కడి నుంచి వరుసగా పంతొమ్మిది వరుసల అసలు వాటాలు కూడితే 99,900 చిల్లర. అంటే మన లక్ష ఆ పంతొమ్మిది వరుసల అసలునూ ఒక్కసారిగా తీర్చేసింది. మన అప్పు పదమూడో వరుస నుంచి ముప్పై రెండో వరుసకు దూకింది. దాటిన పంతొమ్మిది వరుసల్లో ఉన్న వడ్డీ, నెలకు ఇరవై రెండు వేల చొప్పున, ఇక కట్టనక్కర్లేదు. అలా తప్పిన వడ్డీ నాలుగు లక్షల పైనే. గడువు పంతొమ్మిది నెలలు ముందుకు జరిగింది.

అదే లక్షను పదిహేనేళ్ల తరవాత కడితే? అక్కడ ఒక్కో వరుసలో అసలు వాటా పదిహేడు వేల పైన ఉంటుంది. లక్ష రూపాయలకు ఆరు వరుసలు కూడా పూర్తిగా రావు. తప్పే వడ్డీ 54 వేల లోపే.

ఇక్కడే చాలామంది ఒక తప్పు ముగింపుకు వస్తారు. ముందే కడితే నాలుగు లక్షలు, తరవాత కడితే యాభై వేలు కాబట్టి చివరి ఏళ్లలో ముందస్తుగా కట్టడం దండగని చెబుతారు. బ్యాంకు సిబ్బందే ఇలా చెప్పడం కూడా విన్నాను. లెక్క అలా లేదు. మొదటి లక్ష పంతొమ్మిదేళ్లు పని చేసింది, రెండో లక్ష ఐదేళ్లు. రెండూ పని చేసింది మాత్రం 9 శాతం చక్రవడ్డీకే. ఏ ఏడాది కట్టినా ముందస్తు సొమ్ము మీద మనకు వచ్చేది అప్పు వడ్డీ రేటు ఎంతో అంతే, రవ్వ ఎక్కువా కాదు, తక్కువా కాదు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఎన్నో ఏడాదిలో ఉన్నామని కాదు. ఆ సొమ్ము మరో చోట పన్ను పోగా 9 శాతం కంటే ఎక్కువ, అంతే భద్రంగా తెస్తుందా అని. తేలేకపోతే పదిహేడో ఏట కట్టినా మంచిదే. అయితే ఆసుపత్రి ఖర్చుకో పిల్లల ఫీజుకో పక్కన పెట్టుకున్న డబ్బును తెచ్చి అప్పులో వేయకూడదు. అప్పులో వేసిన డబ్బు అవసరానికి తిరిగి చేతికి రాదు.

వ్యక్తులు తీసుకున్న మారే వడ్డీ గృహరుణాలను ముందుగా తీర్చినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. కట్టేటప్పుడు ఒక్క విషయం స్పష్టంగా రాసివ్వాలి: కిస్తీ అలాగే ఉంచి గడువు తగ్గించమని. కిస్తీ తగ్గించి గడువు అలాగే ఉంచితే, పైన చెప్పిన పంతొమ్మిది వరుసలు ఎగిరిపోవు.

> “తొమ్మిది శాతమే” అన్నప్పుడు ఏ తొమ్మిది?
>
> బండి కొనేటప్పుడు లక్ష రూపాయలకు మూడేళ్లకు 9 శాతం ఫ్లాట్ వడ్డీ అంటారు. ఏడాదికి 9,000 చొప్పున మూడేళ్లకు 27,000 కలిపి, 36తో భాగించి నెలకు 3,528 కట్టమంటారు. రెండో ఏట, మూడో ఏట మన దగ్గర ఉన్న బాకీ లక్ష కాదు, రోజురోజుకూ తగ్గుతోంది. వడ్డీ మాత్రం లక్ష మీదే పడుతోంది. తగ్గే బాకీ లెక్కలో చూస్తే ఈ వడ్డీ 16 శాతం పైనే. గృహరుణం 9 శాతాన్నీ బండి అప్పు 9 శాతాన్నీ ఒక గాటన కట్టకూడదు.

రేటు పెరిగిన రోజు

ఇంతదాకా రేటు ఇరవై ఏళ్లూ 9 శాతమే అనుకున్నాం. నిజంలో మన గృహరుణాలు ఎక్కువగా మారే వడ్డీవి. బ్యాంకులు కొత్తగా ఇచ్చే మారే వడ్డీ గృహరుణాల రేటు 2019 అక్టోబరు నుంచి రెపో రేటు లాంటి బయటి కొలమానానికి ముడిపడి ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు, తొమ్మిది నెలల్లో, రిజర్వు బ్యాంకు రెపోను 4 శాతం నుంచి 6.5కి పెంచింది. ఆ రెండున్నర శాతం పట్టికలో ఎలా దిగిందో చూడండి.

2022కు ముందు 6.5 శాతానికి అప్పు తీసుకున్న కుటుంబం ఒకటి. అదే 30 లక్షలు, అవే ఇరవై ఏళ్లు. కిస్తీ 22,367. మొదటి నెలలో వడ్డీకి 16,250, అసలుకు 6,117. బాగానే ఉంది. ఏడాదికి బాకీ 29,24,369కి దిగింది. లెక్క తేలికగా ఉండడానికి రేటు ఆ రోజున ఒక్కసారే 9 శాతం అయిందనుకుందాం. కిస్తీ మార్చలేదు.

ఆ నెల వడ్డీ 21,933. కిస్తీ 22,367. అసలుకు మిగిలింది 434 రూపాయలు. ఆరు వేల వాటా నాలుగొందలకు పడిపోయింది. ఈ 434 నుంచి మొదలై నెలకు ముప్పావు శాతం పెరుగుతూ ఇరవై తొమ్మిది లక్షలు తీర్చాలంటే 528 నెలలు పడుతుంది. నలభై నాలుగేళ్లు! పంతొమ్మిదేళ్లలో అయిపోవాల్సిన అప్పు ఇది. ముప్పై ఐదేళ్ల మనిషికి దాదాపు ఎనభై ఏళ్ల దాకా కిస్తీలు.

రేటు ఇంకో పావు శాతం పెరిగి 9.25 అయితే నెల వడ్డీయే 22,542. కిస్తీ కంటే 175 రూపాయలు ఎక్కువ. ఇక నెలనెలా తప్పకుండా కడుతున్నా బాకీ పెరుగుతూ పోతుంది. పట్టికకు చివరి వరుస అంటూ ఉండదు.

ఖాతాలోంచి పోయే మొత్తం మారలేదు కాబట్టి ఈ కుటుంబానికి ఏమీ జరిగినట్టు తెలియదు. పాత గడువుకే అప్పు ముగియాలంటే కిస్తీ 26,813కు పెరగాలి, నెలకు నాలుగున్నర వేలు ఎక్కువ. అది కష్టమే. కానీ ఆ కష్టం కనిపిస్తుంది, కూర్చుని ఖర్చులు సర్దుకోవచ్చు. కనబడకుండా పాతికేళ్లు పెరిగిన గడువుకు అలాంటి అవకాశం లేదు. రేటు పెరిగినప్పుడు అప్పుదారును అడగకుండా గడువు పొడిగించడం నాకు అన్యాయంగా తోస్తుంది. చిన్న అక్షరాల ఒప్పందంలో దానికి అనుమతి ఉన్నా సరే.

రిజర్వు బ్యాంకు దీన్ని గమనించి 2023 ఆగస్టు 18న ఆదేశాలిచ్చింది. రేటు మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా, రెండూ కలిపి సర్దాలా అన్నది ఎంచుకునే వీలు అప్పుదారుకు ఇవ్వాలి. గడువు పొడిగింపు వల్ల నెల వడ్డీకి కిస్తీ చాలని స్థితి రాకూడదు. మూడు నెలలకోసారి ఇచ్చే స్టేట్‌మెంటులో ఇప్పటిదాకా వసూలైన అసలు, వడ్డీ, కిస్తీ మొత్తం, మిగిలిన కిస్తీల సంఖ్య, వార్షిక వడ్డీ రేటు ఉండాలి. 2024 అక్టోబరు నుంచి కొత్త రుణాలకు ఇచ్చే కీలక వివరాల పత్రంలో కిస్తీల పట్టిక కూడా జతచేయాలి.

స్టేట్‌మెంటులో ఉండే అంకెలన్నింటిలో ముందు చూడాల్సింది మిగిలిన కిస్తీల సంఖ్య. మూడు నెలల్లో అది మూడు తగ్గాలి. తగ్గకుండా పెరిగితే రేటు పెరిగిందని, తేడాను గడువులో కలిపేశారని అర్థం. ఆ వారమే బ్యాంకుకు వెళ్లి పాత గడువుకు కిస్తీ ఎంతవుతుందో అడిగి రాయించుకోవాలి. మొత్తం పెంపు భరించలేకపోయినా కొంత పెంచితే చాలా మేలు. పై కుటుంబం కిస్తీని 22,367 నుంచి 24,367కు, అంటే రెండు వేలు పెంచినా అసలు వాటా 434 నుంచి 2,434కు చేరుతుంది. 528 నెలలు కాస్తా 309కి దిగుతాయి.

రేటు తగ్గినప్పుడు ఇదే యంత్రం తిరగబడుతుంది. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో 6.5 నుంచి 5.5కు దిగింది. 29 లక్షల బాకీ ఉన్నవారికి ఒక శాతం తగ్గుదల అంటే నెల వడ్డీలో 2,417 రూపాయలు తగ్గినట్టు. కిస్తీ తగ్గించమంటారా అని బ్యాంకు అడిగితే, ఇంటి ఖర్చులకు ఇబ్బంది లేనివాళ్లు వద్దనడమే మేలు. అలా వద్దంటే ఆ 2,417 మర్నెల నుంచే అసలు గడిలోకి వెళుతుంది. అక్కడ పడిన ప్రతి రూపాయీ ఆపై నెల నుంచి తన వంతు వడ్డీని తగ్గించడం మొదలుపెడుతుంది.